ధర అడిగినవాళ్లు ఎందుకు కొనడం లేదు?

మీరు పెట్టిన రీల్‌ను 12,000 మంది చూశారు. కింద వరసగా కామెంట్లు: "ప్రైస్ ప్లీజ్", "డీటెయిల్స్ పంపండి", "నైస్ కలెక్షన్ అక్కా". వాట్సాప్ రోజంతా మోగుతూనే ఉంది. తీరా వారం తిరిగేసరికి ఖాతాలో పడింది మూడు చీరల డబ్బు. అంతమంది చూసి, ఇంతమంది అడిగి, ముగ్గురే కొన్నారెందుకు? ఇంకో పది రీల్స్ పెట్టాలా? ప్రకటనకు డబ్బు కట్టాలా?

రెండూ ఇప్పుడే వద్దు. ముందు దిల్‌సుఖ్‌నగర్‌లో ఏదైనా చీరల షాపుకు వెళ్లి ఒక పక్కన నిలబడి చూడండి. బయట బొమ్మకు కట్టిన చీర చూసి ఒకావిడ ఆగుతుంది. లోపలికి రాగానే కూర్చోబెట్టి, ఎంతలో చూపించాలో అడుగుతారు. పది చీరలు విప్పి పరుస్తారు. ఆవిడ కొంగు పట్టుకుని, తిరగేసి, భుజం మీద వేసుకుని అద్దంలో చూసుకుంటుంది. నచ్చిన చీర బిల్లు కౌంటర్‌కు వెళ్తుంది. ఇందులో ఏ మెట్టు దగ్గర అశ్రద్ధ చేసినా ఆవిడ లేచి పక్క షాపుకు పోతుంది. ఫోన్‌లో అమ్మకానికీ ఇవే మెట్లు. చూడటం, ఆగడం, అడగడం, నమ్మడం, డబ్బు కట్టడం, మళ్లీ రావడం. మార్కెటింగ్ వాళ్లు ఈ వరసను ఫనెల్ అంటారు.

చాలామంది దీన్ని పైనుంచి కట్టుకొస్తారు. ముందు వ్యూస్, తర్వాత ఫాలోవర్లు, ఆర్డర్ల సంగతి ఆ తర్వాత. ఈ అధ్యాయంలో కింది నుంచి పైకి కట్టుకుంటూ వెళ్దాం. డబ్బు కట్టే మెట్టు గట్టిగా లేనప్పుడు పైన ఎంతమందిని పోగేసినా వాళ్లంతా జారిపోతారు.

ఉదాహరణకు ఒక చిన్న వ్యాపారాన్ని అనుకుందాం. నాదర్‌గుల్‌లో ఒక గృహిణి ఇంటి నుంచే పోచంపల్లి ఇక్కత్ కాటన్ చీరలు అమ్ముతోంది. ఎల్బీ నగర్ మీదుగా విజయవాడ హైవే ఎక్కితే పోచంపల్లికి ఉదయం వెళ్లి మధ్యాహ్నానికి తిరిగి రావచ్చు కాబట్టి, అక్కడి మాస్టర్ వీవర్ దగ్గర నేరుగా కొంటుంది. చీర ఆమెకు 1,750 రూపాయలకు పడుతుంది, 2,400కు అమ్ముతుంది. ప్యాకింగ్, కొరియర్ కలిపి 110. పన్నుల సంగతి పక్కన పెడితే ఒక చీరకు 540 మిగులుతుంది. ఈ అంకెలు లెక్క కోసం వేసుకున్నవి. మీ అంకెలు వేరుగా ఉంటాయి, లెక్క వేసే పద్ధతి మాత్రం ఇదే.

1. ఎక్కడ జారిపోతున్నారో ముందు తెలుసుకోండి

ఒక నోటు పుస్తకం తీసుకుని ప్రతి ఆదివారం ఐదు అంకెలు రాయండి. ఎంతమందికి చేరింది? ఎంతమంది మీ ప్రొఫైల్ తెరిచారు? ఎంతమంది వాట్సాప్‌లో అడిగారు? అందులో ఎంతమందికి డబ్బు కట్టే క్యూఆర్ పంపారు? ఎంతమంది కట్టారు? మీ ఇన్‌స్టాగ్రామ్ ఖాతాను ప్రొఫెషనల్ ఖాతాగా మార్చుకుంటే మొదటి రెండూ ఇన్‌సైట్స్‌లో ఉచితంగా కనిపిస్తాయి. మిగతా మూడూ మీ చాట్లు లెక్కపెడితే వస్తాయి.

మన గృహిణి ఒక వారం ఇలా రాసుకుందనుకోండి: చేరింది 12,000 మందికి, ప్రొఫైల్ తెరిచింది 240 మంది, అడిగింది 60 మంది, క్యూఆర్ దాకా వచ్చింది 8 మంది, కట్టింది ముగ్గురు. రీల్ చూసినవాళ్లలో ఎక్కువమంది అలా జరిపేసి వెళ్లిపోతారు, అది మామూలే. కానీ పని మానుకుని మెసేజ్ పెట్టిన 60 మందిలో 52 మంది క్యూఆర్ దాకా కూడా రాకపోవడం మామూలు కాదు. నష్టం జరుగుతున్నది అక్కడ.

ఇప్పుడు ఆ 52 చాట్లు తెరిచి, ప్రతిదాంట్లో మాట ఎక్కడ ఆగిపోయిందో చూడండి. ఈ ఉదాహరణలో 26 మంది ధర చెప్పగానే మాయమయ్యారు. 11 మందికి జవాబు మరునాడు వెళ్లింది. తొమ్మిదిమంది "అసలు రంగు ఇదేనా, వీడియో పెట్టండి" అంటే వీడియో వెళ్లలేదు. ఆరుగురు క్యాష్ ఆన్ డెలివరీ అడిగి, లేదనగానే ఆగిపోయారు. చూశారా? ఒకే నష్టానికి నాలుగు వేర్వేరు కారణాలు. మందు కూడా దేనికది వేరు. "రీచ్ పడిపోయింది" అని బాధపడేముందు ఒక్క సాయంత్రం కూర్చుని ఈ పని చేయండి. ఏం సరిచేయాలో మీ చాట్లే చెప్తాయి.

2. డబ్బు కట్టే మెట్టు ముందు గట్టిచేయండి

కొత్తవాళ్లు ఎందుకు జంకుతారు? మీరెవరో వాళ్లకు తెలియదు. డబ్బు పంపాక నంబర్ బ్లాక్ చేస్తారేమోనని భయం. ఆ భయం తప్పు కాదు, అలా పోగొట్టుకున్నవాళ్లు వాళ్ల చుట్టాల్లోనే ఉంటారు. "నో సీఓడీ, ఓన్లీ ప్రీపెయిడ్" అని పెద్ద అక్షరాల్లో రాస్తే భయం తగ్గదు, పెరుగుతుంది.

అందరికీ క్యాష్ ఆన్ డెలివరీ ఇవ్వడం కూడా దారి కాదు. పార్సిల్ వెనక్కి వస్తే పోనూ రానూ కొరియర్ ఖర్చు మీదే. పైగా పండగ వారమంతా చీర దారిలోనే ఉండిపోతుంది. మీ ప్రాంతంలో దీనికి మంచి మధ్యేమార్గం ఉంది. కొనేవాళ్లను రెండు గుంపులుగా చూడండి.

దగ్గరివాళ్లు మొదటి గుంపు. నాదర్‌గుల్, బడంగ్‌పేట్, బీఎన్ రెడ్డి నగర్, వనస్థలిపురం, ఎల్బీ నగర్, కొత్తపేట, దిల్‌సుఖ్‌నగర్ వాళ్లకు "చూసి తీసుకోండి" అని చెప్పండి. 200 రూపాయలు అడ్వాన్స్ కట్టించుకుని, వారానికి రెండు సాయంత్రాలు ఎల్బీ నగర్ మెట్రో స్టేషన్ దగ్గర చీర చేతికివ్వండి. మియాపూర్ నుంచి వచ్చే లైను అక్కడే ఆగిపోతుంది. అమీర్‌పేట వైపు ఉద్యోగాలకు వెళ్లొచ్చే ఆడవాళ్లకు అది రోజూ దిగే చోటు. వాళ్లు చీర విప్పి చూసుకుని మిగతా డబ్బు అక్కడే స్కాన్ చేస్తారు. ఊరంతటికీ అమ్మే పెద్ద వెబ్‌సైట్ ఈ పని చేయలేదు, మీరు చేయగలరు.

దూరంవాళ్లు రెండో గుంపు. వాళ్లకు నమ్మకం కాగితం మీద కాకుండా కళ్ల ముందు కనిపించాలి. ప్యాక్ చేసేటప్పుడు వాళ్ల చీరనే విప్పి, రెండువైపులా చూపిస్తూ చిన్న వీడియో తీసి పంపండి. కొరియర్ రసీదు ఫొటో, ట్రాకింగ్ నంబర్ అదే రోజు పెట్టండి. మార్పిడి నియమం ఒక్క వాక్యంలో ముందే చెప్పండి: "పార్సిల్ తెరిచేటప్పుడు వీడియో తీయండి, నేతలో లోపమో చిరుగో ఉంటే మారుస్తాం." ఈ మాట డబ్బు కట్టకముందు చెప్తే నియమంలా ఉంటుంది, గొడవ వచ్చాక చెప్తే తప్పించుకోవడంలా ఉంటుంది.

హైదరాబాద్‌లో ఉండి విజయవాడకో కర్నూలుకో పార్సిల్ పంపితే అది వేరే రాష్ట్రానికి అమ్మడం కిందకు వస్తుంది. అలాంటి అమ్మకాలకు జీఎస్టీ నిబంధనలు వేరు. మీ సరుకుకు ఏది వర్తిస్తుందో అకౌంటెంట్‌ను అడిగి ముందే తేల్చుకోండి.

మీ వైపు జాగ్రత్త కూడా ఒకటుంది. "పే చేశాను" అంటూ వచ్చిన స్క్రీన్‌షాట్‌ను చూసి చీర పంపకండి, స్క్రీన్‌షాట్లు తయారుచేసేవాళ్లున్నారు. మీ బ్యాంకు యాప్‌లో డబ్బు పడిందో లేదో చూసుకున్నాకే పార్సిల్ కట్టండి. డబ్బు మీకు రావడానికి మీ యూపీఐ పిన్ ఎప్పుడూ అక్కర్లేదు. ఎవరైనా పిన్ కొట్టమంటే అది మోసమే.

3. చాట్‌లో ఎదురుచూపు లేకుండా చేయండి

చీరల మెసేజ్‌లు ఎప్పుడొస్తాయి? ఇంటిపని తెమిలి, పిల్లలు పడుకున్నాక. అప్పటికి మీరూ అలసిపోయి ఉంటారు. పొద్దున జవాబు ఇచ్చేసరికి ఆవిడ మనసు వేరే చీర మీదకు మళ్లి ఉంటుంది.

వాట్సాప్ బిజినెస్ యాప్ ఉచితం. దాంట్లో మూడు సౌకర్యాలు వాడుకుంటే చాలు. మొదటిది అవే మెసేజ్: "రాత్రి 10 దాకా జవాబిస్తాను. ఆ తర్వాత అడిగినవారికి ఉదయం 8కి చెప్తాను" అని పెట్టండి. ఎప్పుడు జవాబొస్తుందో తెలిస్తే మనిషి ఆగుతుంది. రెండోది క్విక్ రిప్లైలు: బట్ట, కొలత, ఉతికే పద్ధతి, డెలివరీ, మార్పిడి వివరాలు ముందే రాసిపెట్టుకుంటే `/` కొట్టగానే వస్తాయి. మూడోది లేబుళ్లు: "కొత్తగా అడిగారు", "క్యూఆర్ పంపాను", "కట్టారు", "అందింది" అని ప్రతి చాట్‌కూ ఒకటి తగిలించండి. అలా చేస్తే ఆదివారం లెక్క ఐదు నిమిషాల్లో తేలిపోతుంది.

ప్రతి చీరకూ ఒక కోడ్ ఇవ్వడం అన్నింటికన్నా ముఖ్యం. ఇక్కత్ చీరల్లో ఒకే రంగు, ఒకే డిజైన్‌లో ఒక్కటే ఉండటం మామూలు. "ఆ నీలం రంగు చీర" అని ఆవిడ అంటే మీకు నాలుగు నీలాలు గుర్తొస్తాయి. కోడ్ ఉంటే ఆ తికమక లేదు. ఆ కోడ్‌తోనే వాట్సాప్ లింక్ తయారుచేసుకోవచ్చు:

```
https://wa.me/91XXXXXXXXXX?text=PC14
```

91 తర్వాత మీ పది అంకెల నంబర్, చివర చీర కోడ్. ఈ లింక్ నొక్కితే మీ చాట్ తెరుచుకుని, ఆ కోడ్ ముందే టైపై ఉంటుంది. ఇన్‌స్టాగ్రామ్‌లో పోస్టు కింద రాసిన లింకు నొక్కినా పనిచేయదు. స్టోరీలో లింక్ స్టిక్కర్‌గా గానీ బయోలో గానీ పెట్టండి. బయోలో పెట్టే లింక్‌కు `BIO` అని, స్టోరీకి చీర కోడ్ అని వేరువేరుగా పెడితే ఎవరు ఎటునుంచి వస్తున్నారో కూడా తెలుస్తుంది.

ఒకే చీరను ఇద్దరు అడిగితే? "పక్కన పెట్టండి అక్కా, రేపు చెప్తా" అన్న మాట మీద చీర ఆపితే రెండో ఆవిడ పోతుంది, మొదటి ఆవిడా రాదు. "రెండు గంటలు ఆపుతాను, అడ్వాన్స్ పడితే మీదే" అని అందరికీ ఒకేలా చెప్పండి. చెప్పినట్టే చేయండి.

మాట తీరు ఎలా ఉండాలి? రెండు జవాబులు చూడండి. ఒకావిడ అడిగింది: "పీసీ14 ఉందా అండీ?"

ఒక జవాబు: "ఎస్ అవైలబుల్. 2400. పేమెంట్ చేసి స్క్రీన్‌షాట్ పెట్టండి."

ఇంకో జవాబు: "ఉందండీ, ఒక్కటే ఉంది. 2,400, డెలివరీ కలిపే. రంగు కాస్త ముదురు ఆకుపచ్చ, ఇప్పుడే కిటికీ దగ్గర తీసిన వీడియో పెడుతున్నా. మీరు ఎల్బీ నగర్ వైపేనా, దూరమా?"

రెండో జవాబులో ధర ఉంది, రంగు మీద అనుమానం తీరింది, తర్వాతి మెట్టుకు దారితీసే ప్రశ్న ఉంది. ప్రతి జవాబూ ఒక సులువైన ప్రశ్నతో ముగించండి.

4. ధర దాచకండి

"ప్రైస్ కోసం డీఎం చేయండి" అని ఎందుకు రాస్తారు? కామెంట్లు పెరిగితే రీచ్ పెరుగుతుందని, చాట్‌లోకి వస్తే ఎలాగో ఒప్పించవచ్చని. మన ఉదాహరణలో ధర వినగానే వెళ్లిపోయిన ఆ 26 మందిని గుర్తు తెచ్చుకోండి. వాళ్లకు 900 రూపాయల చీర కావాలి. మీ దగ్గర అది లేదు. వాళ్ల సమయం పోయింది, మీదీ పోయింది. అంతకన్నా పెద్ద నష్టం, వాళ్లకు జవాబులిస్తూ కూర్చున్నందుకు నిజంగా కొనాలనుకున్న 11 మందికి ఆలస్యమైంది.

ధరను రీల్ మీదే రాయండి. అప్పుడు చాట్లు తగ్గుతాయి. వారానికి 60 వచ్చేవి 30కి పడిపోవచ్చు. భయపడకండి, అది మంచి గుర్తు. వచ్చిన 30 మందీ 2,400 అని తెలిసే వచ్చారు. ఇకమీదట మీరు చూడాల్సింది చాట్ల సంఖ్య కాదు, ఎన్ని చాట్లకు ఒక ఆర్డర్ పడుతోందన్నది.

ధరతో పాటు మీ ప్రొఫైల్‌ను కూడా కొత్త మనిషి కళ్లతో ఒకసారి చూడండి. పై మూడు వరసల్లో ఏం అమ్ముతారో తెలుస్తోందా? బయోలో "పోచంపల్లి కాటన్ చీరలు, 2,000–3,000, నాదర్‌గుల్, ఎల్బీ నగర్‌లో చేతికందిస్తాం" అని ఒక్క వరస చాలు. హైలైట్లు మూడు పెట్టండి: కొన్నవాళ్ల ఫొటోలు, డెలివరీ–మార్పిడి నియమాలు, ఈ వారం ఉన్న చీరలు. కొన్నవాళ్ల ఫొటోలు వాళ్లను అడిగి, వాళ్లు సరేనన్నాకే పెట్టాలి. అమ్ముడైన చీర పోస్టు మీద ఆ రోజే "అమ్ముడైంది" అని రాయండి. నాలుగు చీరలు అడిగితే నాలుగూ లేవన్నవాళ్ల దగ్గరికి ఐదోసారి ఎవరూ రారు.

5. ఇప్పుడు రీల్ సంగతి: ఎవరు ఆగాలో మీరే నిర్ణయించండి

కింది మెట్లు కుదిరాక పైకి రండి. రీల్ పని అందరినీ ఆపడం కాదు, మీ చీర కొనగల మనిషిని ఆపడం. ట్రెండింగ్ పాటకు నాలుగు చీరలు గిరగిరా తిప్పితే చూసేవాళ్లు పెరుగుతారు. కానీ వాళ్లకు మీ చీర గురించి ఏం తెలిసింది?

పోచంపల్లి చీర అమ్మేవాళ్ల చేతిలో చెప్పదగ్గ విషయం బోలెడుంది. ఇక్కత్‌లో నూలును ముందే ముడులు కట్టి రంగులద్ది, ఆ తర్వాత నేస్తారు. అందుకే డిజైన్ చీరకు రెండువైపులా దాదాపు ఒకేలా కనిపిస్తుంది, గళ్ల అంచులు కొద్దిగా అలుక్కుపోయినట్టు ఉంటాయి. ఇక్కత్ డిజైన్‌ను మామూలు బట్ట మీద అచ్చువేస్తే సాధారణంగా వెనకవైపు వెలిసినట్టుంటుంది. తక్కువ ధరకు కొన్న "పోచంపల్లి" చీర అచ్చుదని తర్వాత తెలిసి నొచ్చుకున్నవాళ్లు ఎంతోమంది. వాళ్లే మీకు కావాల్సిన కొనుగోలుదారులు.

కాబట్టి మొదటి మూడు సెకన్లలో చీర తిరగేసి చూపించండి. "ఇక్కత్ నేసిందా, అచ్చువేసిందా? వెనక్కి తిప్పి చూడండి" అన్న ఒక్క మాట చాలు. తర్వాత అదే చీరను మనిషి కట్టుకుని పగటి వెలుగులో నాలుగడుగులు వేయాలి. చివర్లో ధర, కొలత, కోడ్: ఐదున్నర మీటర్ల చీర, బ్లౌజ్ ముక్క ఉందా లేదా, 2,400, పీసీ14. రంగు మార్చే ఫిల్టర్ వేయకండి. ఫిల్టర్ పెట్టి అమ్మిన చీర "రంగు ఇది కాదు" అంటూ వెనక్కి వస్తుంది.

ఇలాంటి రీల్‌ను ఎలా తూచాలి? లైకులు పక్కన పెట్టి సేవ్‌లు, షేర్‌లు చూడండి. కొనాలన్న ఆలోచన ఉన్న మనిషి సేవ్ చేసుకుంటుంది. అక్కకో వదినకో పంపి "ఇది ఎలా ఉంది?" అని అడుగుతుంది. మన ఇళ్లలో చీర ఒక్కరే నిర్ణయించి కొనేది కాదు కదా. సేవ్‌లు ఎక్కువ వచ్చిన చీరను రెండు రోజుల తర్వాత స్టోరీలో మళ్లీ చూపించండి.

ఎప్పుడు చూపించాలన్నది కూడా ముఖ్యమే. ఆషాఢంలో దిల్‌సుఖ్‌నగర్, కొత్తపేట షాపుల్లో తగ్గింపుల జోరు ఉంటుంది. అప్పుడు ధర తగ్గించి వాళ్లతో పోటీ పడటం మీవల్ల కాదు. ఆ నెల నేత గురించి చెప్పడానికి, ఫాలోవర్లను కూడగట్టడానికి వాడండి. శ్రావణంలో వరలక్ష్మీ వ్రతానికి, తర్వాత బతుకమ్మకు అమ్మండి. ఇక్కడ గడువు పండగ రోజు కాదు, టైలర్ గడువు. పండగ ముందు బ్లౌజ్ కుట్టడానికి టైలర్లు పది పదిహేను రోజులు అడుగుతారు. కాబట్టి చీర మూడు వారాల ముందే చేతికి అందాలి, రీల్స్ ఆరు వారాల ముందు మొదలవ్వాలి. పండగ వారంలో పెట్టిన అందమైన రీల్ చూసి "అయ్యో, ముందే చూసి ఉంటే" అనుకోవడమే తప్ప కొనడం ఉండదు.

6. ప్రకటనకు డబ్బు ఎప్పుడు పెట్టాలి?

లెక్క వేసి చూద్దాం. రోజుకు 200 చొప్పున పది రోజులు ప్రకటన నడిపితే 2,000 రూపాయలు, 18 శాతం జీఎస్టీ కలిపి 2,360. అది 40 చాట్లు తెచ్చిందనుకోండి. మన గృహిణికి మొదట్లో 20 చాట్లకు ఒక ఆర్డర్ పడేది. అంటే రెండు ఆర్డర్లు. ఒక్కో ఆర్డర్‌కు ప్రకటన ఖర్చు 1,180. చీర మీద మిగిలేది 540. అమ్మిన ప్రతి చీరకూ 640 నష్టం!

ఇప్పుడు అదే డబ్బు మెట్లన్నీ సరిచేశాక పెట్టిందనుకోండి. ధర కనిపిస్తోంది కాబట్టి 25 చాట్లే వచ్చాయి. కానీ ఐదింటికి ఒకటి ఆర్డర్ అయింది. ఐదు ఆర్డర్లు, ఒక్కోదానికి ఖర్చు 472. చీరకు 68 మిగిలింది. నష్టం ఆగింది, లాభం మాత్రం పెద్దగా లేదు. మొదటి కొనుగోలు దగ్గర ప్రకటన ఖర్చు తిరిగొస్తే చాలనుకోండి. లాభం రెండో చీరలో ఉంది, దాని సంగతి తర్వాత చూద్దాం.

ప్రకటన పెట్టేటప్పుడు ఈ మూడూ పాటించండి. డబ్బు పెట్టకుండానే సేవ్‌లు బాగా తెచ్చుకున్న రీల్‌నే ఎంచుకోండి. దేశమంతా కాకుండా ఎల్బీ నగర్ చుట్టూ పది కిలోమీటర్లకు పరిమితం చేయండి, చేతికందించే సౌకర్యం అక్కడే కదా ఉంది. నొక్కితే వాట్సాప్ తెరుచుకునే రకం ప్రకటన పెట్టండి. తర్వాత, మీ ఖాతాను ఇప్పటికే చూసి స్పందించినవాళ్లకు మాత్రమే ఇంకో చిన్న ప్రకటన చూపించవచ్చు. వాళ్లు సగం దారి వచ్చినవాళ్లు.

7. రెండో చీర అమ్మేదాకా పని అయిపోలేదు

పార్సిల్ అందిన మూడో రోజు ఒక మెసేజ్ పెట్టండి: "చీర నచ్చిందా అండీ? మొదటిసారి చల్లని నీళ్లలో విడిగా ఉతకండి, నీడలో ఆరేయండి." అందులో అమ్మకం మాట ఉండకూడదు. నచ్చకపోతే ఆవిడ మీకే చెప్తుంది, కామెంట్‌లో రాయదు. నచ్చితే ఫొటో పంపుతుంది.

ఆ సమయంలోనే మీ నంబర్ సేవ్ చేసుకోమని అడగండి. వాట్సాప్ బ్రాడ్‌కాస్ట్ జాబితాలో 256 మంది దాకా చేర్చవచ్చు. కానీ మీ నంబర్ సేవ్ చేసుకున్నవాళ్లకే ఆ మెసేజ్ అందుతుంది. రోజూ ముప్పై ఫొటోలు కుమ్మరించకండి. విసుగొచ్చి బ్లాక్ చేస్తారు, చాలామంది రిపోర్ట్ కొడితే నంబరే పోవచ్చు. రెండు వారాలకోసారి, కొత్త సరుకు రాగానే, ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టడానికి ఒక రోజు ముందు వాళ్లకు చూపించండి. "ముందు మీకే" అన్న మర్యాద తగ్గింపు కన్నా బాగా పనిచేస్తుంది, మీకు ఖర్చూ ఉండదు. ప్రకటన లేకుండా అమ్ముడైన ఆ రెండో చీర మీద 540 మొత్తం మీ దగ్గరే ఉంటుంది.

తరచూ జరిగే తప్పులు

1. ఆర్డర్లు తగ్గగానే ధర తగ్గించడం. ధర వల్లే తగ్గాయని మీ చాట్లు చెప్తున్నాయా? జవాబు ఆలస్యమవుతున్నప్పుడు ధర తగ్గించి లాభం లేదు.

2. ఒకే వారంలో అన్నీ మార్చేయడం. రీల్ మార్చి, ధర మార్చి, ప్రకటన కూడా మొదలుపెడితే దేనివల్ల ఏం జరిగిందో తెలియదు. వారానికి ఒకటి రెండు మెట్లే మార్చండి.

3. పది రకాలు కలిపి అమ్మడం. నిన్న ఇక్కత్, ఈరోజు కుర్తీలు, రేపు గిల్టు నగలు పెడితే ఎవరి కోసం ఈ ఖాతా అన్నది చూసేవాళ్లకూ తెలియదు, ఎవరికి చూపించాలో ఇన్‌స్టాగ్రామ్‌కూ తెలియదు.

4. కొనని మనిషిని వెంటాడటం. అడిగి ఆగిపోయినవాళ్లకు మరునాడు ఒక్కసారి గుర్తుచేయండి. రెండోసారి వద్దు.

ఈ నెల ఇలా మొదలుపెట్టండి

మొదటి వారం ఏమీ మార్చకుండా ఐదు అంకెలు రాసి, ఆగిపోయిన చాట్లన్నీ చదవండి. రెండో వారం డబ్బు కట్టే మెట్టు, చాట్ మెట్టు సరిచేయండి: చేతికందించే రోజులు, మార్పిడి నియమం, కోడ్లు, క్విక్ రిప్లైలు. మూడో వారం ప్రతి పోస్టు మీద ధర రాయండి, బయో, హైలైట్లు సర్దండి. నాలుగో వారం చీర తిరగేసి చూపించే రీల్స్ మూడు పెట్టండి. నెలాఖరున మళ్లీ ఐదు అంకెలు రాసి మొదటి వారంతో పోల్చండి.

అడిగిన పదిమందిలో కనీసం ఇద్దరు కొనేదాకా ప్రకటనకు రూపాయి కూడా పెట్టకండి. ఇరవైమందిలో ఒక్కరే కొంటుంటే మీకు తక్కువైంది జనం కాదు. ముందు వచ్చిన మనిషిని నిలుపుకోండి, కొత్తవాళ్లను తర్వాత పిలవచ్చు. ఈ ఆదివారమే నోటు పుస్తకం తెరిచి మొదటి అంకె రాయండి.